కొత్త ఆడిటర్ గారికి రాసే ఉత్తరంలో ఏముండాలి?

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెంలో ఎలక్ట్రికల్ సామాన్లు, ప్లాస్టిక్ పైపుల దుకాణం. పన్నెండేళ్లుగా మా లెక్కలు చూసిన పెద్దాయన ఆరోగ్యం బాగాలేక పని మానేశారు. 2024-25 సంవత్సరానికి మా దగ్గర ఉన్న కాగితాల జాబితా, మాకు తేలని విషయాలు ఒక ఉత్తరంలో రాసి పంపమని కొత్త ఆడిటర్ గారు అడిగారు. కాగితాల సంగతి సరే. తేలని విషయాలు మా చేత్తో మేమే రాసి ఇస్తే రేపు అవే మా మెడకు చుట్టుకోవా? అసలు ఆ ఉత్తరం ఎలా రాయాలి?

సమాధానం:

ముందు మీ భయం సంగతి చెబుతాను. ఇరవై రెండేళ్లుగా చిన్న దుకాణాల లెక్కలు చూస్తున్నాను. ఉత్తరంలో రాసిన సందేహం వల్ల నష్టపోయిన యజమానిని నేను చూడలేదు. రాయకుండా ఉంచుకున్న సందేహం రెండేళ్ల తరువాత నోటీసు రూపంలో వచ్చి పడినవారిని చాలామందిని చూశాను. అయితే మీ భయం పూర్తిగా ఆధారం లేనిది కూడా కాదు. కక్షిదారు వకీలుకు చెప్పుకున్న మాటకు చట్టం ఇచ్చే రక్షణ, వ్యాపారి ఆడిటర్‌కు రాసిన ఉత్తరానికి లేదు. అందుకే ఉత్తరంలో జరిగినది రాయండి, దాని మీద తీర్పు మాత్రం రాయకండి. “అక్టోబరులో కొంత అమ్మకం దాచాము” అనేది తీర్పు. “అక్టోబరు రెండు వారాల్లో మా అబ్బాయి ఖాతాకు ఇంత జమ అయింది, అందులో ఇంత మొత్తానికి బిల్లులు కనబడడం లేదు” అనేది జరిగిన సంగతి. ఆడిటర్ గారికి కావలసింది రెండోది. నిజం కూడా చాలాసార్లు అదే అయి ఉంటుంది.

2025 ఏప్రిల్‌లో మీలాంటి దుకాణం నడిపే ఒకాయన నా దగ్గరకు వచ్చారు. ఆయనదీ ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణమే, ఆయన పాత ఆడిటర్ కూడా పని మానేశారు. ఆయన కొత్త ఆడిటర్ గారికి ఇవ్వడానికి నేను దగ్గరుండి రాయించిన ఉత్తరంలోని భాగాలే కింద ఇస్తున్నాను. అంకెలు, ఊళ్లు మార్చాను. పరిస్థితి మాత్రం అదే.

కాగితాల గురించి ఎక్కువ చెప్పను. వాటిలో సగం కొత్త ఆడిటర్ గారు మీ అనుమతితో పోర్టళ్ల నుంచి స్వయంగా దించుకోగలరు. నెలనెలా వేసిన జీఎస్టీఆర్-1, 3బి, సరఫరాదారుల వివరాలు కనిపించే 2బి, ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పేరున జమ అయిన పన్ను, నమోదైన లావాదేవీలు చూపే 26ఏఎస్, ఏఐఎస్ అన్నీ అక్కడే ఉంటాయి. మీరు చెప్పవలసింది, వారికి అక్కడ దొరకనివి ఎవరి దగ్గర ఉన్నాయో. అందుకే జాబితాను ఉన్నవి, లేనివి, వేరేవారి దగ్గర ఉన్నవి అని మూడు కుప్పలుగా చేయమంటాను. ఆయన ఇలా రాశారు:

> ఆడిటర్ గారికి నమస్కారం. 2024-25 కు సంబంధించి మా దగ్గర ఉన్నవి: అమ్మకం బిల్లు పుస్తకాలు, కంప్యూటర్ బిల్లుల నెలవారీ ప్రింట్లు, రోజు చిట్టా, కరెంటు ఖాతా, క్యాష్ క్రెడిట్ ఖాతా స్టేట్‌మెంట్లు పన్నెండు నెలలవి, దుకాణం అద్దె ఒప్పందం, జీతాల పుస్తకం, మార్చి 31 రాత్రి, ఏప్రిల్ 1 ఉదయం లెక్కపెట్టిన సరుకు జాబితా (చేతిరాత, 14 పేజీలు). మా దగ్గర లేనివి: ఆగస్టు రవాణా రసీదులు, వానకు తడిసిపోయాయి; వాటి మొత్తం చిట్టాలో ఉంది. పాత ఆడిటర్ గారి దగ్గర ఉన్నవి: జూలై నుంచి సెప్టెంబరు వరకు కొనుగోలు బిల్లుల ఫైలు, ట్యాలీ బ్యాకప్, గత మూడేళ్ల రిటర్నులు, తరుగుదల పట్టిక.

ఈ మూడో కుప్పే విలువైనది. ట్యాలీ బ్యాకప్, తరుగుదల పట్టిక, గత రిటర్నుల ప్రతులు పాత ఆడిటర్ గారి దగ్గర ఉండిపోతే, కొత్తవారు గత ఏడాది ముగింపు నిల్వలను ఊహించుకుని మొదలుపెట్టవలసి వస్తుంది. పెద్దాయనకు ఒంట్లో బాగాలేదన్నారు కాబట్టి, ఇంటికి వెళ్లి పలకరించినప్పుడే వారి అబ్బాయినో గుమాస్తానో బ్యాకప్ ఒక పెన్‌డ్రైవ్‌లో ఇవ్వమని మర్యాదగా అడగండి.

ఇంకో మాట. జీఎస్టీ పోర్టల్‌లో మీ రిజిస్ట్రేషన్‌కు ఏ ఫోను నంబరు ఉందో చూశారా? చిన్న దుకాణాల్లో చాలావరకు అక్కడ ఉండేది పాత ఆడిటర్ నంబరు, ఆయన ఈమెయిల్. ఓటీపీలు, నోటీసు వచ్చిందన్న కబుర్లు కూడా ఆయనకే వెళతాయి. ఉత్తరంలో “పోర్టల్‌లో ఉన్న నంబరు మాది కాదు” అని ఒక వాక్యం రాయండి. రిజిస్ట్రేషన్ సవరణలో అధీకృత సంతకందారు వివరాల కింద నంబరు, ఈమెయిల్ మార్చుకోవచ్చు. యూజర్ ఐడీయే తెలియకపోతే మీ పరిధి జీఎస్టీ అధికారికి గుర్తింపు పత్రాలతో దరఖాస్తు పెట్టుకోవాలి. ఆదాయపు పన్ను పోర్టల్‌లో ప్రొఫైల్ కింద మార్చుకోవచ్చు. పాస్‌వర్డ్ మాత్రం ఉత్తరంలో రాయవద్దు, ఎదురుగా కూర్చున్నప్పుడు ఇవ్వండి.

ఇక తేలని విషయాలు. ఒక్కో ప్రశ్నలో ఏం జరిగింది, ఎప్పుడు, ఎంత, దాని కాగితం ఎక్కడుంది, మీరు ఇప్పటిదాకా ఏం చేశారు అన్నవి ఉంటే చాలు. ఆయనకు ఏడు ప్రశ్నలు ఉన్నాయి. మీకు పనికివచ్చేవి నాలుగు చెబుతాను.

మొదటిది అబ్బాయి ఖాతా.

> అక్టోబరు 7 నుంచి 20 వరకు దుకాణం క్యూఆర్ కోడ్ పనిచేయలేదు. ఆ రోజుల్లో మా అబ్బాయి ఫోనులోని కోడ్ చూపించాం. అతని సేవింగ్స్ ఖాతాకు మొత్తం 3,84,500 రూపాయలు వచ్చాయి. అందులో 46,500 అతని సొంతం, ఆ వరుసలకు పక్కన గుర్తు పెట్టాను. మిగిలిన 3,38,000 దుకాణానివి. వీటిలో 2,79,000 కు బిల్లులు ఉన్నాయి. 59,000 కు బిల్లు కనబడడం లేదు. నవంబరులో అబ్బాయి 3,00,000 దుకాణం ఖాతాకు తిరిగి పంపాడు, 38,000 ఇంటి ఖర్చుకు వాడాం. దీన్ని ఎలా చూపాలి?

ఈ పేరాలో ఎన్ని చిక్కులు విడిపోయాయో గమనించండి. నవంబరులో వచ్చిన 3,00,000 సంగతి రాయకపోతే కొత్త ఆడిటర్ గారు దాన్ని అబ్బాయి ఇచ్చిన అప్పుగా రాస్తారు, లేదా మళ్లీ అమ్మకంగా లెక్కవేస్తారు. మొదటి దారిలో లేని అప్పు పుడుతుంది, రెండో దారిలో ఒకే అమ్మకానికి రెండుసార్లు పన్ను పడుతుంది. ఇంట్లో వాడిన 38,000 యజమాని సొంత వాడకం కిందకు వస్తుంది, ఖర్చు కాదు. ఈ ముక్కలు తెలిసింది యజమానికి ఒక్కరికే. ఏ పోర్టల్‌లోనూ దొరకవు.

బిల్లు లేని 59,000 దగ్గర ఆయనకు నిద్ర పట్టలేదట. లెక్కవేసి చూద్దాం. ఆయన అమ్మే సరుకంతా 18 శాతం పన్నుది. 59,000 లో అసలు విలువ 50,000, పన్ను 9,000. దానిపై వడ్డీ ఏడాదికి 18 శాతం, అంటే నెలకు 135 రూపాయలు. అక్టోబరు పన్ను నవంబరు 20 లోగా కట్టవలసింది. జూన్ నెల రిటర్నులో కలిపి జూలై 20 న కడితే ఎనిమిది నెలల వడ్డీ 1,080. నోటీసు రాకముందు, తానుగా చూపించి కడుతున్నాడు కాబట్టి విషయం అక్కడితో ముగిసే అవకాశమే ఎక్కువ. పదివేల ఎనభై రూపాయల పనికి ఆయన ఎనిమిది నెలలు మనసులో బరువు మోశారు. అదే 59,000 ను అబ్బాయి ఖాతాలో చూసి అధికారి అడిగితే, మిగతా ఖాతాలన్నీ కూడా తెరిచి చూపించవలసి వచ్చేది.

బిల్లులు ఎందుకు లేవో కూడా ఆయన రాయలేదు. నేను అడిగితే అవన్నీ చిన్న అమ్మకాలని చెప్పారు. రిజిస్ట్రేషన్ లేని కొనుగోలుదారుకు 200 రూపాయల లోపు అమ్మినప్పుడు, అతను అడగకపోతే విడి బిల్లు అవసరం లేదు. కానీ ఆ రోజు అలాంటి అమ్మకాలన్నింటికీ కలిపి సాయంత్రం ఒక బిల్లు రాయాలి. సాయంత్రం బిల్లు దుకాణం క్యూఆర్ జమ చూసి రాసేవారు. ఆ రెండు వారాలూ అక్కడ జమ లేదు కాబట్టి బిల్లూ రాయలేదు. కారణం తెలిశాక సమస్య ఆ రెండు వారాలదేనని, ఏడాదంతటిదీ కాదని కొత్త ఆడిటర్ గారికి నమ్మకం కలిగింది. మీ ఉత్తరంలో కారణం కూడా రాయండి.

రెండోది కొనుగోలు పన్ను క్రెడిట్, అంటే సరుకు కొన్నప్పుడు ఇచ్చిన జీఎస్టీని మనం కట్టవలసిన పన్నులోంచి తగ్గించుకోవడం.

> విజయవాడ డీలర్ దగ్గర కొన్న మూడు బిల్లులు 2బి లో కనబడడం లేదు. జనవరి బిల్లు విలువ 90,000, పన్ను 16,200. ఇది మా నాన్నగారి పేరున ఉండి రద్దయిన పాత జీఎస్టీ నంబరు మీద పడిందని డీలర్ గుమాస్తా ఫోనులో చెప్పాడు. ఫిబ్రవరి 18, మార్చి 6 బిల్లులు రెండింటి విలువ 1,25,000, పన్ను 22,500. వాటికి డీలర్ ఇంకా రిటర్ను వేయలేదు. సరుకు మూడుసార్లూ చేరింది, ఈ-వే బిల్లులు జతచేశాను. ఫిబ్రవరి బిల్లులో 60,000 ఇంకా ఇవ్వలేదు. ఈ 38,700 క్రెడిట్‌ను పాత ఆడిటర్ గారు తీసుకున్నారో లేదో నాకు తెలియదు.

ఆఖరి వాక్యం చాలా ముఖ్యం. ఎందుకంటే జవాబు రెండుగా చీలేది అక్కడే. సరఫరాదారు తన రిటర్నులో చూపి, మీ 2బి లో కనిపించిన పన్నునే మీరు క్రెడిట్‌గా తీసుకోవాలి. పాత ఆడిటర్ గారు 2బి చూడకుండా చేతిలో ఉన్న బిల్లులను బట్టి తీసుకుని ఉంటే, దాన్ని ఇప్పుడు వెనక్కి తిప్పాలి. ఆ క్రెడిట్‌ను పన్ను కట్టడానికి వాడేసి ఉంటే వడ్డీ కూడా పడుతుంది. వాడకుండా ఖాతాలోనే నిలిచి ఉంటే వడ్డీ లేదు. ఎలక్ట్రానిక్ క్రెడిట్ లెడ్జర్‌లో నెలవారీ మిగులు చూస్తే ఇది తెలిసిపోతుంది. తీసుకోకపోతే నష్టమేమీ జరగలేదు, గడువు దాటేదాకా తీసుకునే అవకాశం ఉంటుంది. 2024-25 బిల్లుల క్రెడిట్‌కు గడువు 2025 నవంబరు 30. వార్షిక రిటర్ను అంతకన్నా ముందే వేస్తే గడువు ఆ రోజుకే ముగుస్తుంది.

రెండు రకాల బిల్లులకు మందు వేరు. జనవరి బిల్లు విషయంలో డీలర్ తప్పు నంబరు వేశాడు, పన్ను కట్టే ఉంటాడు. అతను తన జీఎస్టీఆర్-1 లో ఆ బిల్లును సవరించి సరైన నంబరు వేస్తే చాలు, తరువాతి నెల 2బి లో మీకు వచ్చేస్తుంది. ఫోనులో చెబితే మరచిపోతారు. బిల్లు నంబరు, తేదీ, తప్పు నంబరు, సరైన నంబరు నాలుగూ రాసి పంపండి. ఫిబ్రవరి, మార్చి బిల్లుల విషయంలో డీలర్ అసలు రిటర్నే వేయలేదు. అక్కడ సవరణ కాదు కావలసింది, అతను పన్ను కట్టడం. చాలామంది వ్యాపారులు ఇలాంటప్పుడు మిగిలిన బాకీ ఆపి ఒత్తిడి తెస్తారు. న్యాయమే. కానీ దానికీ ఒక హద్దు ఉంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సరఫరాదారుకు డబ్బు ఇవ్వకపోతే, ఇవ్వని భాగానికి తగిన క్రెడిట్‌ను వెనక్కి తిప్పాలి. తరువాత డబ్బు ఇచ్చినప్పుడు మళ్లీ తీసుకోవచ్చు. ఫిబ్రవరి 18 బిల్లుకు 180 రోజులు ఆగస్టు 17 తో ముగుస్తాయి. క్రెడిట్ తీసుకుని ఉంటేనే ఈ తేదీతో పని. అయినా ఉత్తరంలో తేదీ, బాకీ రెండూ ఉండడం వల్ల కొత్త ఆడిటర్ గారు దాన్ని తన క్యాలెండర్‌లో రాసుకోగలిగారు.

నవంబరు 30 దాటినా డీలర్ రిటర్ను వేయకపోతే ఆ 22,500 క్రెడిట్ పోయినట్టే. అప్పుడు అది సరుకు ఖరీదులో కలుస్తుంది. లెక్కల పుస్తకాల్లో అది క్రెడిట్ పద్దులో అలాగే నిలిచిపోతే, ఏళ్ల తరబడి రాని ఆస్తిలా కనిపిస్తూ ఉంటుంది. పాత పుస్తకాల్లో ఇలాంటి చచ్చిన పద్దులు నాకు తరచు కనబడుతుంటాయి.

మూడోది, నాలుగోది నిజానికి ఒకే ప్రశ్నకు రెండు కొసలు. వీటి దగ్గర కాస్త నింపాదిగా చదవండి.

> మా సరుకు నిల్వకు మూడు అంకెలు ఉన్నాయి. మేము లెక్కపెట్టింది, కొన్న ధర ప్రకారం, 19,40,000. క్యాష్ క్రెడిట్ కోసం బ్యాంకుకు మార్చి నెలకు ఇచ్చిన స్టేట్‌మెంట్‌లో 26,00,000. గత ఏడాది రిటర్నులో ముగింపు నిల్వ 16,20,000 అని ఉంది, కానీ గత ఏడాది మేము లెక్కపెట్టలేదు, నా అంచనాలో 19 లక్షల దాకా ఉండేది. బ్యాంకు స్టేట్‌మెంట్ మా గుమాస్తా ప్రతి నెలా పాత అంకెను కొంచెం మార్చి ఇస్తున్నాడు. ఏది నిజమని రాయాలి?

మొదట ఈ అంకెలు లాభాన్ని ఎక్కడికి తీసుకుపోతాయో చూద్దాం. ఆయన ఏడాది అమ్మకం, పన్ను తీసేసి, 1,42,60,000. కొనుగోళ్లు 1,24,30,000. జీతాలు, అద్దె, వడ్డీ, ఇతర ఖర్చులు కలిపి 14,30,000. ప్రారంభ నిల్వ గత రిటర్నులోని 16,20,000, ముగింపు నిల్వ లెక్కపెట్టిన 19,40,000 అనుకుంటే, అమ్మిన సరుకు ఖరీదు 1,21,10,000. స్థూల లాభం 21,50,000, అంటే అమ్మకంలో 15 శాతం. ఖర్చులు పోగా నికర లాభం 7,20,000.

ముగింపు నిల్వ బ్యాంకుకు ఇచ్చిన 26,00,000 అయితే లాభం ఒక్కసారిగా 6,60,000 పెరిగి 13,80,000 అవుతుంది. ప్రారంభ నిల్వ నిజంగా 19,00,000 అయితే లాభం 4,40,000 కు పడిపోతుంది. దుకాణం అదే, అమ్మకం అదే. నిల్వ అంకెను బట్టి లాభం నాలుగు లక్షల నుంచి పద్నాలుగు లక్షల దాకా తిరుగుతోంది. చిన్న దుకాణాల లెక్కల్లో లాభం నిజంగా తేలేది కొనుగోలు బిల్లుల్లో కాదు, ఈ ఒక్క అంకెలో. ఇది తెలిసే కొందరు లెక్కలు రాసేవారు ముందు లాభం అనుకుని, దానికి సరిపడేలా నిల్వ వేస్తారు. గత ఏడాది ఈయన విషయంలో జరిగింది అదే అయి ఉండాలి.

ఏది నిజమో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మీ దుకాణంలో వస్తువు మీద సగటు లాభం ఎంతో మీకు తెలుసు. ఆయన్ని అడిగితే వైర్ల మీద 9, స్విచ్చుల మీద 18, పైపుల మీద 12 అంటూ చివరికి అన్నీ కలిపి పదమూడు శాతం దాటదన్నారు. ప్రారంభ నిల్వ 19,00,000 గా వేస్తే స్థూల లాభం 18,70,000 వస్తుంది, అది 13.1 శాతం. అంటే గత ఏడాది నిల్వ తక్కువ చూపారన్న ఆయన అంచనా సరైనదే. బ్యాంకు అంకె వేస్తే స్థూల లాభం 28,10,000, దాదాపు 20 శాతం. ఈ వ్యాపారంలో అది సాధ్యం కాదు. కాబట్టి లెక్కపెట్టిన 19,40,000 నే నమ్మాలి. మీ దుకాణానికీ ఈ పరీక్ష చేసి, వచ్చిన శాతాన్ని ఉత్తరంలో రాయండి.

బ్యాంకు అంకెను వదిలేయమని నేను అనడం లేదు. అధికారి మీ క్యాష్ క్రెడిట్ ఫైలు తెప్పించుకుంటే, బ్యాంకుకు 26 లక్షలు చూపి పన్నుకు 19 లక్షలు ఎందుకు చూపారని మొదట అడిగేది అదే. ఆ ఆరున్నర లక్షలు లెక్కకు రాని సరుకేమో అన్న అనుమానం వస్తుంది. అందుకే అది ఎలా తయారైందో ఆడిటర్ గారికి ఇప్పుడే తెలియాలి, ఇకమీదట బ్యాంకుకు లెక్కపెట్టిన అంకెనే ఇవ్వాలి. ఆయన దీనికి భయపడ్డారు, పరిమితి తగ్గిపోతుందని. ఆయన క్యాష్ క్రెడిట్ పరిమితి 15 లక్షలు, మార్జిన్ 25 శాతం, అంటే సరుకు విలువలో అంత తీసేసి మిగిలినదానికే బ్యాంకు అప్పు ఇస్తుంది. 19,40,000 మీద 14,55,000 దాకా వాడుకోవచ్చు. అప్పుకు తెచ్చిన సరుకును బ్యాంకు తీసేస్తుంది కాబట్టి ఇంకొంత తగ్గుతుంది. మేనేజరుతో కూర్చుని, రెండు మూడు నెలల్లో సర్దుకుంటామని చెప్పి ఒప్పించారు.

ఇప్పుడు రెండో కొస.

> గత మూడేళ్లుగా ఐటీఆర్-4 లో అమ్మకంలో 6 శాతం, 8 శాతం లాభం చూపి వేశారు. ఈ ఏడాది వడ్డీ ఎక్కువ. అసలు లాభం అంతకన్నా తక్కువ వచ్చింది. తక్కువే చూపవచ్చా?

ఇది సెక్షన్ 44ఏడీ పద్ధతి. బ్యాంకు, యూపీఐ ద్వారా వచ్చిన అమ్మకంపై 6 శాతం, నగదు అమ్మకంపై 8 శాతం లాభంగా ఒప్పుకుంటే లెక్కల పుస్తకాలు, ఆడిట్ అవసరం లేదు. అంతకన్నా ఎక్కువ సంపాదిస్తే ఎక్కువే చూపాలి. ఆయనకు బ్యాంకు ద్వారా 1,02,60,000, నగదు 40,00,000. లాభం 6,15,600, 3,20,000 కలిపి 9,35,600. అబ్బాయి ఖాతాలో తేలిన 50,000 కూడా కలిపితే ఇంకో 3,000 పెరుగుతుంది, అంతే.

పుస్తకాల ప్రకారం 7,20,000 చూపితే 2024-25 నాటి కొత్త పన్ను విధానంలో, వేరే ఆదాయం లేదనుకుంటే, పన్ను 20,800. 9,35,600 మీద పన్ను దాదాపు 45,300. తేడా 24,500. ఇది చూసి ఆయన వెంటనే తక్కువే వేద్దామన్నారు. కానీ 44ఏడీ నుంచి బయటకు వస్తే, పన్ను పడే ఆదాయం ఉన్నందున ఈ ఏడాది ఆడిట్ చేయించాలి. ఆ తరువాత అయిదేళ్లు మళ్లీ 44ఏడీ లోకి రాలేరు. అన్నేళ్ల పుస్తకాలు, ఆడిట్ ఫీజులు లెక్కవేసుకుంటే 24,500 కన్నా చాలా ఎక్కువే. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఆడిట్‌కు వెళ్లగానే ప్రారంభ నిల్వ ప్రశ్న తలెత్తుతుంది. గత రిటర్నులో 16,20,000 అని ఉండగా ఇప్పుడు 19,00,000 తో మొదలుపెట్టలేరు. 7,20,000 లాభంలో 2,80,000 నిజానికి గత ఏడాది నిల్వ తక్కువ వేయడం వల్ల పుట్టిన లాభం. ఆ అంకెను సమర్థిస్తూ సంతకం చేయాలి.

44ఏడీ లోనే ఉంటే ఆదాయం అమ్మకం మీద లెక్కవేస్తారు కాబట్టి నిల్వ తేడా పన్నును మార్చదు. అయినా ఐటీఆర్-4 లో నిల్వ, బాకీలు, నగదు అడిగే చోట ఈసారి లెక్కపెట్టిన 19,40,000 వేయాలి. ఇకమీదట ఎప్పుడు పుస్తకాల పద్ధతికి మారినా, ప్రారంభ నిల్వ నిజమైన అంకెగా ఉంటుంది. మేము ఆ దారే ఎంచుకున్నాం. నా అభిప్రాయంలో, లాభం 4,40,000 కు దగ్గరగా ఉందని కాగితాలతో రుజువు చేయగలిగి, వచ్చే ఏళ్లలో కూడా వడ్డీ భారం ఇలాగే ఉంటుందని తెలిస్తే తప్ప బయటకు రావడం మంచిది కాదు. మీ అమ్మకం, మీ వడ్డీ వేరు. ఈ లెక్క మీ అంకెలతో కొత్త ఆడిటర్ గారి చేత వేయించండి. ఉత్తరంలో మాత్రం గత మూడేళ్లు ఏ ఫారం వేశారో తప్పక రాయండి. అది తెలియక కొత్తవారు ఐటీఆర్-3 లో పుస్తకాల ప్రకారం తక్కువ లాభం చూపి మొదలుపెడితే, అయిదేళ్ల నిర్ణయం ఎవరూ తీసుకోకుండానే జరిగిపోతుంది.

ఒక హెచ్చరిక. లెక్కపెట్టిన జాబితా మీ దగ్గర ఉంటే సరే. లేకపోతే ఇప్పుడు కూర్చుని మార్చి 31 తేదీ వేసి కొత్తగా జాబితా తయారుచేయవద్దు. ఈ రోజు నిల్వ లెక్కపెట్టి, ఈ రోజు తేదీ వేసి, ఏప్రిల్ 1 నుంచి జరిగిన కొనుగోళ్లు తీసేసి, అమ్మిన సరుకు ఖరీదు కలిపి వెనక్కి లెక్కవేయించండి. అది పద్ధతి ప్రకారం చేసిన లెక్క, ఎవరు అడిగినా చూపవచ్చు. పాడైపోయిన సరుకు ఉంటే దాన్ని వేరే కాగితం మీద రాయండి. అమ్మితే వచ్చే ధర కొన్న ధరకన్నా తక్కువ ఉంటే ఆ తక్కువే వేయాలి. అయితే పూర్తిగా పారేసిన సరుకుకు తీసుకున్న పన్ను క్రెడిట్ వెనక్కి తిప్పవలసి వస్తుంది కాబట్టి, పారేసిన తేదీ, ఫొటో ఉంచుకోండి.

ఉత్తరం చివర ఆయన ఇలా ముగించారు, మీరూ అలాగే రాయవచ్చు:

> పై ప్రశ్నల్లో ఒకటి, రెండింటికి జూలై 20 రిటర్ను వేసేలోగా జవాబు కావాలి. మూడు, నాలుగింటికి ఆదాయపు పన్ను రిటర్ను వేసే ముందు ఒకసారి కూర్చుని మాట్లాడదాం. ప్రతి ప్రశ్న కింద ఖాళీ వదిలాను. మీ నిర్ణయం, తేదీ అక్కడ రాసి ఒక ప్రతి తిరిగి ఇవ్వగలరు.

ఖాళీ వదలడం చిన్న విషయంలా కనిపిస్తుంది. ఇంకో ఆడిటర్ దగ్గరకు మారే రోజు వస్తే, ఆ ప్రతి చూపిస్తే సరిపోతుంది, మళ్లీ మొదటినుంచి గుర్తుచేసుకోనక్కరలేదు. రెండు ప్రతులు తీసి, పేజీలకు నంబర్లు వేసి, ఫైలులో జతచేసిన కాగితాలకూ అవే నంబర్లు వేయండి. మీ ఉత్తరం మూడు నాలుగు పేజీలు దాటదు. ఈ ఆదివారం దుకాణం మూసిన తరువాత మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, ముందు అతని ఖాతా స్టేట్‌మెంట్ చూడడంతో మొదలుపెట్టండి. మీ ఇంట్లో కూడా ఎప్పుడో ఒకసారి అతని ఫోను కోడ్ కొనుగోలుదారుకు చూపించే ఉంటారు.